జూన్ ముప్పై నాటి అద్దె

బోధన్‌లో బడిపంతులుగా ఉన్నప్పుడు, ప్రతి నెలా ఆఖరి రోజున అద్దె నా ఖాతా నుంచి ఇంటి యజమాని ఖాతాకు మార్చమని బ్యాంకుకు రాసిచ్చాను. ఆ ఏర్పాటు ఆయన కోరిందే. ఆ ఏడు జూన్ ముప్పైన అర్ధసంవత్సరపు లెక్కల కోసం బ్యాంకుకు సెలవు. అద్దె మర్నాడు పొద్దున చేరింది. సాయంత్రానికి ఆయన మా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒక దినం లేటయింది పంతులూ. కాగితంల రాసుకున్నట్టు అయిదు రూపాయలు జుర్మానా ఇయ్యాలె."

"బ్యాంకు బందుంటే నేనేం జేయాలె సేటూ? నా ఖాతల పైసలున్నయి. నిన్న మీరు బ్యాంకుకు పోయినా మీకు ఒక్క పైస ఇయ్యకపోదురు."

"గదంత నాకెందుకు? తారీకు తారీకే."

నాకు ఒళ్లు మండింది. మర్నాడు బ్యాంకుకు వెళ్లి మేనేజరును అడిగాను.

"సెలవుంటే మరుసటి పనిరోజు మారుస్తం. జుర్మానా సంగతి మీ ఇద్దరి కరారుది" అన్నాడు.

మేం రాసుకున్న కరారు కాగితంలో సెలవు మాటే లేదు. అయిదు రూపాయలు ఇచ్చి, బ్యాంకు సెలవు వల్ల ఆలస్యమైందని రసీదులో రాయమన్నాను. యజమాని తలెత్తకుండా రాశాడు. అద్దె మార్చే తేదీని ఇరవై అయిదుకు జరిపించాను. తప్పు చేయకుండా జుర్మానా కట్టానన్న కోపం మాత్రం ఇప్పటికీ చల్లారలేదు.