మార్చి జీతంలో కోత

ఆ కబురు మొదట నాకు తెచ్చింది ఫ్యాక్టరీలో జీతాల లెక్కలు చూసే గుమాస్తా అన్న. తిరువళ్లూరులో మా ఇంటి గడప బయటే నిలబడినాడు. "అమ్మా, బోనస్ వచ్చింది. దాంట్లో నాలుగో వంతు టాక్సుకే పోతుంది" అన్నాడు. ముందుగా చెప్పాలని వచ్చినందుకు ఆయనకు ఈరోజుకీ దండం పెట్టుకుంటాను.

మా ఆయన అక్కడ ఫోర్‌మన్. ఆ బోనస్ మొత్తం అత్తిమంజేరిపేటలో ఉండే ఆయన అక్కకు, అంటే మా వదినకు, ఇస్తామని మాటిచ్చినాము. మగదిక్కు లేని మనిషి. బావి ఎండిపోయి నిమ్మచెట్లు వాడిపోతావుంటే బోరుబండికి చెప్పిపెట్టుకుంది.

మా ఆయన లోపలినుంచి వచ్చినాడు. "నీ పెన్నుకు ఆకలెక్కువన్నా!"

"ఏప్రిల్‌లోనే అడిగినా గదా సామీ. బోనస్ కూడా ఏడాది ఆదాయం అంచనాలో కలిపి నెలనెలా కొంచెం పట్టుకుంటానంటే, చేతికి రాని దుడ్డుకు ఇప్పుడే కోతేందని నువ్వే కసురుకున్నావు."

"అయితే వచ్చే నెలల్లో పట్టుకోరాదా?"

"యాడుండాయి నెలలు? మార్చితో లెక్క ముగిసిపోతుంది. ఇన్నాళ్లూ ఉత్త జీతానికే పట్టినా. బోనస్ కలిపితే తక్కువబడిందంతా ఈ నెలే పట్టాల."

"మళ్లీ తిరిగొస్తుందా అన్నా?" అని నేనడిగినాను.

"ఎక్కువ పట్టింటే వస్తుందమ్మా. ఇది ఎక్కువ కాదు. నెలనెలా పట్టినా ఇంతే అయ్యేది. బోనస్ మాత్రం ముట్టకుండా చేతికొచ్చేది."

ఇంట్లోనే నాయన దగ్గర అక్షరాలు దిద్దుకున్న నాకు కూడా అర్థమైపోయింది. ఆ లోటు పూడ్చుదామంటే నా గాజులు అప్పటికే కుదవలో ఉన్నాయి.

వదిన తోటలో దిగిన బోరుబండివాడికి అడుగు లెక్కన కూలి. మేము తీసుకుపోయిన డబ్బు ఎంత లోతుకు సరిపోతుందో అంతకు దించినాడు. అక్కడ తడిమన్ను పైకొచ్చింది, నీళ్లు రాలేదు.

"ఇంకో ఇరవై అడుగులు దించాలక్కా. దుడ్డుందా? లేకుంటే రాడ్లు పీకేస్తా."

వదిన ఆ మన్ను పిడికిట్లోకి తీసుకుని, "చల్లగా ఉందే" అని మాత్రం అనింది. రాడ్లు ఒక్కొక్కటిగా పైకొచ్చేసినాయి.

కింద నీళ్లు ఉండినాయో లేదో ఎవరికీ తెలీదు. వైకాశి నెల ఎండలు దాటకముందే చెట్లు ఎండిపోయినాయి. వదిన నేల అమ్మేసి, కనకమ్మ సత్రం ఊళ్లో ఒక హోటల్లో పిండి రుబ్బను చేరింది. మళ్లీ ఏప్రిల్‌లో గుమాస్తా అన్న బోనస్‌ను అంచనాలో కలిపి కాగితం తెస్తే, మా ఆయన కసురుకోకుండా సంతకం పెట్టినాడు. దానివల్ల వదినకు ఒరిగిందేమీ లేదు. రుబ్బురోలు ముందరే ఆమె నడుం వంగిపోయింది, అక్కడే ఆయుసూ తీరిపోయింది. పోయేదాకా తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. అట్లాంటి మనిషిని నాకు ఆడబిడ్డగా ఇచ్చినందుకు తిరుత్తణి స్వామికి రుణపడి ఉన్నాను.

దీన్ని చదివేవాళ్లు ఎప్పుడైనా తిరుత్తణి కొండెక్కితే, స్వామి ముందర మీవాళ్ల పేర్లన్నీ చెప్పుకున్నాక, మా వదినను కూడా ఒక్కసారి తలుచుకోండి.