కుప్పం పద్నాలుగు, పుంగనూరు ఎనిమిది

పుంగనూరు నుంచి మదనపల్లెకు పొద్దున ఎనిమిదింటికి పోయే బస్సులో షంషున్నీసా పక్క సీటు ఖాళీగా ఉన్నా ఎవరినీ కూర్చోనివ్వదు. సంచి పెట్టేస్తుంది. "సంచికి టికెట్ తీసినావా అమ్మా?" అని కండక్టరు ఎగతాళి చేసినా సంచి తీయదు. ఆ సీట్లో కృష్ణప్ప వచ్చి కూర్చుంటాడని ఎవరికి చెప్పుకుంటుంది? చెబితే ఆమె భర్త నూర్ అహ్మద్ కుట్టుమిషను మూసేసి మరీ పోయి తాయెత్తు తెస్తాడు. తాయెత్తుకు పోయేవాడైతే ఏనాడో పోయేవాడు కృష్ణప్ప. ఆయన చచ్చిపోయి రెండేళ్లయింది.

కృష్ణప్ప టమాటా మండీలో హమాలీ. షంషున్నీసా ఇంటికి ఎదురిల్లు. బతికి ఉన్నన్నాళ్లూ ఆయన మాట్లాడింది తక్కువ. ఇప్పుడు కూడా ఎక్కువేమీ మాట్లాడడు. కిటికీ వైపు చూస్తూ ఒకే మాట అడుగుతాడు. "నేను యా ఊరి లెక్కలో ఉండానమ్మా?"

లెక్కలంటే షంషున్నీసాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. గాజుల కొట్టు నడిపే తండ్రి ఆమెను డిగ్రీ దాకా చదివించాడు. ఇరవై రెండేళ్లుగా మదనపల్లెలో ఒక ట్రస్టులో పని చేస్తోంది. దాతలిచ్చే సొమ్ముతో ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఉచితంగా అంబులెన్సులు తిప్పే చిన్న సంస్థ అది. ఏ ఊరికి ఏం అవసరమో కాగితం మీద తేల్చి చెప్పడం ఆమె పని. అంతకుముందు ఆ ట్రస్టులో అంతా నోటి లెక్కే. ఎవరు గట్టిగా అరిస్తే బండి వాళ్ల ఊరికి పోయేది. ఒకసారి పెద్దలందరూ కూర్చొని, దారిలో ప్రాణం పోయినవాళ్లు మదనపల్లెలో అరవై ఆరుగురు, పుంగనూరులో నలభై అయిదుగురే, కాబట్టి బండి మదనపల్లెకే అన్నారు. షంషున్నీసా లేచి నిలబడి, "సార్, మదనపల్లెలో లక్షా ఇరవై వేల మంది ఉండారు, మా ఊర్లో యాభై వేలు. పెద్ద సంసారంలో బియ్యం ఎక్కువ ఖర్చయితాయి, అంతమాత్రాన ఆ ఇంట్లోవాళ్లు తిండిపోతులని అంటామా? లెక్క తలకు కట్టాల" అంది. పదివేల మందికి ఎంతమంది అని కడితే మదనపల్లె అయిదున్నర, పుంగనూరు తొమ్మిది. అందరూ నోరెళ్లబెట్టారు. బండి పుంగనూరుకు వచ్చి, పాతబడి మూలపడేదాకా తిరిగింది. ఆ రోజు నుంచి ఆమె మాటకు తిరుగు లేదు.

ఆ తిరుగులేని మాటే కొంప ముంచింది.

మూడేళ్ల కిందట కొత్త బండి ఒకటి వచ్చింది. మదనపల్లెలో అప్పటికే రెండున్నాయి కాబట్టి పోటీ పుంగనూరుకూ కుప్పానికీ పడింది. ఆస్పత్రి చేరకముందే పోయినవాళ్లు ఆ ఏడాది పుంగనూరులో యాభై ఇద్దరు, కుప్పంలో ముప్పై ఒక్కరు. షంషున్నీసా యథాప్రకారం తలకు కట్టింది. పుంగనూరు పాత జనాభాను ఆ ఏడాదికి అంచనాగా పెంచితే అరవై అయిదు వేలు, పదివేలకు ఎనిమిది. కుప్పం జనాభా పుస్తకంలో ఇరవై రెండు వేలని ఉంది. ముప్పై ఒకటిని దాంతో భాగిస్తే పదివేలకు పద్నాలుగు వచ్చింది. సొంత ఊరని పక్షపాతం చూపలేదని అందరూ మెచ్చుకున్నారు. ఆమె కూడా లోలోపల మురిసిపోయింది. బండి కుప్పం పోయింది.

ఏడాది తిరక్కముందే ఒక పొద్దున కృష్ణప్పకు గుండెలో నొప్పి వచ్చింది. ఆయన భార్య మునెమ్మ వీధి దాటి పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, నీ ఆఫీసు బండి పిలిపీమ్మా!" సర్కారు బండి వేరే కేసు మీద పోయి ఉంది. షంషున్నీసా ఫోన్ చేసింది. మదనపల్లె నుంచి బండి బయల్దేరింది. కృష్ణప్ప తువ్వాలు భుజాన వేసుకొని, ఆస్పత్రికి పోవడానికి సిద్ధమై, గడప మీద కూర్చున్నాడు. "వస్తాండాదా?" అని రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడగలేదు. బండి వచ్చేసరికి యాభై నిమిషాలయింది.

నెల మాసికం నాడు మునెమ్మ మామూలుగానే అంది. "ఆ కుప్పం పోయిన బండి మనకు యాల రాలేదమ్మా?" గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, షంషున్నీసా మరునాడే పాత ఫైలు తీసింది. కుప్పంలో చనిపోయిన ముప్పై ఒక్కరి చిరునామాలు ఒక్కొక్కటే చదివింది. సగానికి పైగా పల్లెలవి. కొన్నేళ్ల కిందట చుట్టుపక్కల పంచాయతీలను కలిపి కుప్పాన్ని మున్సిపాలిటీ చేశారు. చావులేమో ఆ కొత్త ఎల్లల్లోవి. జనాభా చూస్తే రెండువేల పదకొండు నాటిది, అదీ పల్లెలు కలవని పాత ఊరిది. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టింది ఆమె! కలిసిన పల్లెల తలలు కూడా కూడి, పుంగనూరును పెంచిన తీరులోనే అదే ఏడాదికి పెంచితే కుప్పం అరవై రెండు వేలయింది. పదివేలకు అయిదు. పద్నాలుగు కాదు, అయిదు. ఎనిమిది ఉన్న పుంగనూరుకు రావాల్సిన బండి అది.

ఫైలు మూసేసింది, ఎవరికీ చెప్పలేదు. పాపం, భయం! ఇరవై ఏళ్ల పేరు పోతుందని భయం, మునెమ్మ ముఖం చూడలేనని భయం. ఆ మరునాటి నుంచే కృష్ణప్ప బస్సెక్కాడు.

ఆమె ఒక ప్రాయశ్చిత్తం చేసుకుంది, అదీ దొంగచాటుగా. ఆ తర్వాతి ఏడాదుల పట్టికల్లో కుప్పానికి సరైన జనాభా వేసింది. పాతదాన్ని మాత్రం ముట్టుకోలేదు. తప్పు అక్కడితో ఆగిపోతుందని అనుకుంది వెర్రిది.

ఈ ఏడు ఇంకో బండి వచ్చింది. ట్రస్టు కార్యదర్శి గోవిందరాజులు ఆమెను గదిలోకి పిలిచాడు. గోడ మీద రంగుల పటం పెట్టించాడు. కుప్పం అప్పుడు పద్నాలుగు, ఇప్పుడు అయిదు.

"సూడు షంషున్నీసా! ఒక్క బండి పెడితే మూడింట రెండొంతుల చావులు తగ్గినాయి. ఇంగ ఎవరన్నా నోరెత్తుతారా? ఫలితం వచ్చిన తావునే రెండోది పెడదాం. రేపు దాతల మీటింగులో నువ్వే సదవాల" అన్నాడు.

ఆమె పటం వైపు చూసింది. తను గుట్టుగా దిద్దిన లెక్క తన పాత తప్పు పక్కన నిలబడి ఒక అద్భుతమై కూర్చుంది. చచ్చిపోయినవాళ్లెవరూ బతకలేదు, ఎల్లలు మారాయంతే. ఆ అద్భుతం పేరు చెప్పి పుంగనూరుకు రెండోసారి కూడా బండి తప్పిపోబోతోంది. కుర్చీ వెనక ఎవరో నిలబడినట్టనిపించి తిరిగి చూసింది. ఎవరూ లేరు.

ఆ సాయంత్రం ఆఫీసులోనే కూర్చొని ఒక కాగితం రాసింది. రెండు ఊళ్లూ ఇప్పటి మున్సిపల్ ఎల్లల్లోనే. మూడేళ్ల కిందటి చావులకు మూడేళ్ల కిందటి జనాభా, పోయినేటి చావులకు పోయినేటి జనాభా. చావు జరిగిన చోటు కాదు, మనిషి కాపురమున్న చోటు. కుప్పం అప్పుడు అయిదు, ఇప్పుడూ అయిదు. పుంగనూరు అప్పుడు ఎనిమిది, ఇప్పుడూ ఎనిమిది. కింద ఇంకో వాక్యం రాయడానికి అరగంట పట్టింది: "మూడేళ్ల కిందటి పద్నాలుగు తప్పు. ఆ తప్పు నాది. రెండేళ్లుగా తెలిసి దాచాను."

మీటింగులో అది చదివితే గోవిందరాజులు ముఖం కందగడ్డయింది.

"అంటే కుప్పంలో ఆ బండెక్కి బతికినోళ్లు లేరంటావా?"

"ఉండారు సార్. ఆ బండిని తీయమని నేను చెప్పడం లేదు. అది చావులు తగ్గించిందని మనం చెప్పుకుంటాండేది మాత్రం అబద్ధం. కొత్తది ఎనిమిది ఉండే ఊరికి పోవాల."

"నీ ఊరు గదా, అందుకే అంటాండావు."

"నా ఊరని ముప్పై ఒక్క చిరునామాలు మారవు సార్. మీరే సదవండి." ఆమె ఫైలు ఆయన ముందుకు తోసింది.

దాతల్లో ఒక పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకొని మొత్తం చదివాడు. బండి పుంగనూరుకే అని తేల్చారు. లెక్కల పని షంషున్నీసా నుంచి తీసేసి, ఫోన్లు ఎత్తే బల్ల దగ్గర కూర్చోమన్నారు. ఆమె సరేనంది. అంతకంటే పెద్ద పని ఇంకొకటి మిగిలి ఉంది.

ఆదివారం పొద్దున వీధి దాటి మునెమ్మ ఇంటికి పోయింది. మునెమ్మ చింతపండు గింజలు తీస్తోంది. షంషున్నీసా కింద కూర్చొని ఒక్కటీ దాచకుండా చెప్పింది. ఎల్లలు, జనాభా, పద్నాలుగు, అయిదు అన్నీ. మునెమ్మ చదువుకోలేదు గాని వడ్లు కొలిచిన చెయ్యి. పెద్ద కుంచంతో కొలిచి చిన్న మానికతో భాగించారని ఇట్టే అర్థం చేసుకుంది.

గింజలు తీస్తూనే అడిగింది. "ఆ పొద్దు బండి ఈడే ఉండింటే ఆయన బతికేవాడా?"

బతికేవాడంటే తను హంతకురాలు. బతికేవాడు కాదంటే తప్పించుకున్నట్టు. రెండు మాటల్లో ఏదన్నా సరే, మునెమ్మకు కొంత నెమ్మది దొరికేది. షంషున్నీసా నోట అబద్ధం రాలేదు.

"తెలీదక్కా. లెక్క ఊరికి చెప్తాది, మనిషికి చెప్పదు. బండి ఉండింటే మన ఊర్లో కొందరు బతికేవాళ్లు. ఆ కొందరిలో అన్న ఉండేవాడో లేదో ఎవరూ చెప్పలేరు."

మునెమ్మ చేతిలోని గింజను చాటలో పడేసింది. "అయితే నేను నిన్ను తిట్టుకునేది ఎట్లా? తిట్టుకోకుండా ఉండేది ఎట్లా? ఇన్నాళ్లూ ఆయప్ప రాత అట్లుండాది అనుకొని నిద్రపోతాంటిని. ఇప్పుడు నీకు బరువు దిగింది. నాకెక్కింది."

షంషున్నీసా ఏడ్చేసింది. కాళ్లు పట్టుకోబోతే మునెమ్మ వెనక్కి జరిగింది.

"ఏడవొద్దమ్మా, నేను సూడలేను. ఇంగ కొన్నాళ్లు మా ఇంటికి రావొద్దు. ఆ బండి మాత్రం మన వీధి మొగదల పెట్టమని చెప్పు. ఎదురింట్లో నీ మొగుడు కూడా మనిషే గదా."