రాజకుమారి ఎవ్వల మీద అరుస్తది

రాజకుమారి గొంతు లేచిందంటే ఈ చివర బోరింగు కాడికెల్లి ఆ చివర కిరాణం దాకా గల్లీ అంత ఇనవడాలె. గోదావరిఖనిల ఆ బొగ్గు బాయి కాలనీల ఆమెకు భయపడని ఆడమనిషి లేదు. పద్నాలుగేండ్లసంది ఆశా కార్యకర్త పని చేస్తున్నది. భుజానికి సంచి, సంచిల థర్మామీటరు, పసిపిల్లలను తూచే తక్కెడ, నాలికె మీద ఎప్పుడూ సిద్ధంగ ఒక తిట్టు. ముందట “రాజక్క” అంటరు, ఆమె గల్లీ మలిగినంక “నిప్పులక్క” అంటరు. ఆమెకు తెలుసు. అననియ్యి అంటది.

ఆ పొద్దు పదిగంటలకు తిట్లు తినే వంతు ఆటో ఖైజర్‌ది. ఏడు నెలల బిడ్డకు జ్వరమని స్వెట్టరు తొడిగి, టోపి వెట్టి, పైనుంచి కంబలి చుట్టి, ఆటో చాలు చేసి కూసున్నడు. పెండ్లాం సుమైరా ఎనక సీట్ల కండ్లు తుడుసుకుంటున్నది.

“ఎటు వోతున్నవ్ ఖైజర్?”

“పెద్ద దవాఖానకు ఆపా. ఒక సూది ఎయ్యిస్త. రాత్రిసంది ఒళ్ళు కాలుతున్నది.”

“ముందు ఇంజను బందు చెయ్యి. బిడ్డను ఉడకవెడుతున్నవా?”

కంబలి గుంజింది, స్వెట్టరు ఇప్పింది, సంకల థర్మామీటరు వెట్టింది. నూరు పాయింటు ఎనిమిది. ముక్కు కారుతున్నది. పాలు తాగుతున్నదా అంటే తాగుతున్నది. పొద్దటిసంది మూడు మాట్ల ఉచ్చ వోసింది. ఊపిరి లెక్కవెట్టింది, సక్కగున్నది. పోరి ఆమె మెడల ఐడీ కార్డు గుంజి నోట్లె వెట్టుకొని నవ్వింది.

“గిది నవ్వుతున్నది, మీరు ఏడుస్తున్నరు. ఇంట్లనే ఉంచుర్రి. పలుచటి నూలు అంగి తొడుగు. అడిగినప్పుడల్లా చన్నియ్యి. జ్వరానికి చిరచిరలాడితే, మొన్న జలుబుకు చూపిచ్చినప్పుడు డాక్టరు బరువు చూసి రాసిచ్చిన చుక్కలు అంతే ఎయ్యి, ఒక చుక్క ఎక్కువొద్దు. పాలు మానేసినా, ఎగపోసినా, లేపినా లేవకపోయినా, ఫిట్సు వచ్చినా అప్పుడు ఒక్క నిమిషం ఆగొద్దు. ఇవేమి లేకున్నా ఎల్లుండికి తగ్గకపోతే దవాఖాన. సాయంత్రం నేనే వచ్చి చూస్త.”

“సూది వద్దా?” అన్నడు ఖైజర్, నమ్మనట్టు.

“సూది నీకెయ్యాలె,” అని పక్క ఇంట్లకు నడిచింది.

పక్కింట్ల శోభ బాలింత. ఇరవై రెండు రోజుల కొడుకు. అయ్యాల రాజకుమారి వచ్చింది బిడ్డ బరువు చూద్దామని. తలుపు తీస్తె మొఖం మీద సెగ కొట్టింది. కిటికీలు మూసి, మంచం కింద బొగ్గుల కుంపటి. బొగ్గు బాయి పనోళ్ల ఇండ్లల్ల బాలింతకు వేడి తక్కువ చెయ్యరు.

“ఈ పొగల తల్లినీ పిల్లనూ సంపుతవా అత్తా?” అని కుంపటిని కాళ్లతోటి వాకిట్లకు నూకి, కిటికీలు తెరిచింది. శోభ తల్లి నర్సవ్వ అలవాటైన దాని లెక్కనే నవ్వింది.

“అరువకే, పిలగాడు పండుకున్నడు. బుద్ధిమంతుడు. పొద్దటిసంది ఒక్క ఏడుపు లేదు.”

రాజకుమారి నోరు మూతవడ్డది. ఆ గల్లీల అది అరుదు.

“పొద్దటిసంది పాలు తాగిండా?”

“రెండు మాట్ల పెట్టిన అక్క,” అన్నది శోభ. “నోట్లె పెట్టుకుంటడు, గుంజడు. నిద్రల ఉన్నడనుకున్న.”

“పెయ్యి ఎచ్చగనే ఉన్నది గాని, కుంపటి సెగ అది,” అన్నది నర్సవ్వ.

సంకల వెట్టిన థర్మామీటరు నూటొకటి చూపెట్టింది. రాజకుమారి బిడ్డను గాలొచ్చే ముందు అర్రలకు తెచ్చింది. చుట్టిన గుడ్డలు ఇప్పి పలుచటి బట్ట కప్పింది. కుంపటి సెగ అయితే పావుగంటల దిగాలె. ఆ పావుగంట ఊకె కూసోలే. రొమ్ము ఎగిసిపడేది చూసుకుంట ఒక నిమిషం నిండ ఊపిరి లెక్కవెట్టింది. అరవై ఎనిమిది. అరికాలు మీద ఏలితోటి కొట్టింది. కాలు జరంత కదిలింది, కండ్లు తెరువలే. మళ్ల థర్మామీటరు వెట్టింది. అదే నూటొకటి.

“లే శోభా. దవాఖానకు నడువు.”

“అల్లుడు రఘుపతి రానియ్యి,” అన్నది నర్సవ్వ. “మొదటి షిఫ్టుల దిగిండు. మూడింటికి పైకొస్తడు. కంపెనీ దవాఖాన కార్డు ఆయన జేబులనే ఉన్నది. అందాక ఖైజర్ బిడ్డకు చెప్పినవ్ గద, ఆ చుక్కల మందే రెండు చుక్కలు ఎయ్యరాదు?”

ఇగ అప్పుడు లేచింది గొంతు.

“ఆ బిడ్డకు ఏడు నెలలు, వీనికి ఇరవై రెండు రోజులు. రెండు నెలలు నిండని పిలగానికి జ్వరమొస్తె అది ఇంట్ల చూసుకునే జ్వరం గాదు, ఎంత తక్కువున్నా గాదు. చుక్కలేస్తె పెయ్యి సల్లవడుతది, లోపలి రోగం దాని పని అది చేస్తది, మనం తగ్గిందని మురుసుకుంట కూసుంటం. వీడు బుద్ధిమంతుడు గాదు, ఏడ్వ చాత గాక ఊకున్నడు. కార్డు బాయిల ఉంటె బాయిలనే ఉండనియ్యి. కార్డు లేకపోతె సర్కారు దవాఖాన లేదా? పేగు తెంచుకొని పుట్టినోడు కావాల్నా, కార్డు కావాల్నా?”

నర్సవ్వ పిలగాని బట్టలు సంచిల కుక్కింది. బయట ఖైజర్ ఆటో ఇంకా ఇంటి ముందటనే ఉన్నది. పిలిచేటి పని లేకపోయింది, గోడ అవతల అన్నీ ఇన్నడు. ఇంజను చాలు చేసి ఉంచిండు. దారి పొడుగూత రాజకుమారి శోభతోటి చన్ను పట్టిపిచ్చి చూసింది, వాడు పట్టలే.

దవాఖానల ఆమె చెప్పింది మూడే ముక్కలు: ఇరవై రెండు రోజులు, నూటొకటి, పాలు గుంజుతలేడు. నర్సు చీటీ అడగకుండనే బిడ్డను లోపలికి తీసుకపోయింది. నెత్తురు తీసిండ్రు, ఎన్నుపూస నీళ్లు తీసిండ్రు, నరానికి మందు ఎక్కిచ్చిండ్రు. నెత్తురుకు ఇన్ఫెక్షన్ ఎక్కింది, మెదడుకు ఎక్కకముందే తెచ్చిండ్రు అన్నది డాక్టరమ్మ.

నాలుగింటికి రఘుపతి మసి మొఖంతోటే ఉరికొచ్చిండు. కార్డు చేతుల పట్టుకున్నడు. “అక్క, కార్డు,” అన్నడు. రాజకుమారి దిక్కు చూసి చెయ్యి దించుకున్నడు. ఆమె తిట్టలే. అయ్యాల తిట్లు అయిపోయినయ్.

పన్నెండు రోజులకు పిలగాడు ఇంటికొచ్చిండు. గల్లీ అంత ఇనవడేటట్టు ఏడ్చిండు. నర్సవ్వ గిన్నెల పాయసం తెచ్చి, “నీ నోరే నా మనుమన్ని బతికిచ్చింది బిడ్డా. గంత కోపం మా మీద ఎందుకనుకున్న,” అన్నది.

మీ మీద గాదు అత్తా, అందామనుకున్నది రాజకుమారి. గిన్నె మాత్రం తీసుకున్నది.

నాలుగేండ్ల కింద ఇసొంటి పొద్దే. ఇదే గల్లీల ఉండే రాయమల్లు కోడలు ఫోన్ చేసింది. “అక్క, పెయ్యి ఎచ్చగున్నది, నెల పిల్ల.” రాజకుమారి మీటింగుల ఉండె. లేచి పోలే, జ్వరం ఎంతున్నదని అడుగలే, పాలు తాగుతున్నదా అని అడుగలే. “ఏం గాదు తియ్యి, తడిబట్ట తోటి తుడువు, రేపొస్త,” అన్నది. తెల్లారేసరికి పిల్లకు ఫిట్సు. మెదడు పొరలకు ఎక్కిన జ్వరం. పిల్ల బతికింది, చెవులు పోయినయ్. ఆ ఫోన్ ముచ్చట రాయమల్లు కోడలు ఎవ్వలకూ చెప్పలే. ఇప్పటికీ “రా అక్క” అని కుర్చీ ఏస్తది. ఒక్కసారి తిట్టినా బాగుండు.

పాయసం గిన్నెతోటి గల్లీలకు వచ్చింది. రాయమల్లు మనుమరాలు సారలమ్మ నడి బాటల కూసొని బొగ్గు ముక్కతోటి సిమెంటు మీద గీతలు గీస్తున్నది. మేడారం జాతర ఏడు పుట్టిందని ఆ పేరు వెట్టిండ్రు.

“సారలమ్మా!” అని ఒర్రింది రాజకుమారి.

బోరింగు కాడి ఆడోళ్లు మలిగి చూసిండ్రు. ఖైజర్ ఆటోల నుంచి తల బయట పెట్టిండు. కిరాణం కాడ ముసలాయన ఎవ్వలకు మూడిందో అనుకుంట లేచిండు. పిల్ల మాత్రం గీతలు గీసుకుంటనే ఉన్నది.

రాజకుమారి చుట్టు తిరిగి పోయి, మొఖం కనవడేటట్టు పిల్ల ముందట కూసున్నది. గిన్నె ఇద్దరి నడుమ వెట్టింది.