డిసెంబరు బిల్లులు

ఈరోజు నేను రెండు తప్పులు చేశాను. మొదటిది తెలియక చేసింది. రెండోది తెలిసి చేసింది.

భిలాయి పవర్‌హౌస్ బజారులో ఒక టాక్స్ కన్సల్టెంట్ దగ్గర నేను పనిచేస్తాను. స్కాన్ చేసిన బిల్లులను ఒక సాఫ్ట్‌వేర్ చదివి తేదీ, బిల్లు నంబరు, పార్టీ పేరు, మొత్తం విడదీస్తుంది. వాటిని సరిచూసి, ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ అడిగే వరుసలో కాలమ్‌లు పేర్చి, సీఎస్వీ అనే సాదా ఫైలుగా తీసి ఇవ్వడం నా వంతు. ఆ ఫైలును తన లాగిన్‌తో ట్యాలీలోకి ఎక్కించడం నా పక్క సీటులో కూర్చునే అమ్మాయి వంతు. భిలాయి-3 నుంచి వస్తుంది. నన్ను బాబాయ్ అంటుంది. ఆమె జీతంతోనే తల్లీకూతుళ్ల ఇల్లు నడుస్తోంది.

ఉదయం ఏప్రిల్ నెల కొనుగోలు వోచర్లు తీశాను. తిన్నగా పంపేస్తే సరిపోయేది. ఒకసారి చూద్దామని ఎక్సెల్‌లో తెరిచాను. కొత్త ల్యాప్‌టాప్ అది. తేదీల అమరిక అమెరికా పద్ధతిలో ఉంది, నెల ముందు, రోజు తరువాత. 12-04 అని ఉన్న ఏప్రిల్ పన్నెండును అది డిసెంబరు నాలుగుగా అర్థం చేసుకుంది. ఏప్రిల్ ఇరవై అయిదును మాత్రం, ఇరవై అయిదో నెల ఉండదు కాబట్టి, తేదీగా గుర్తించలేక ఉన్నది ఉన్నట్టు వదిలేసింది. కాలమ్ ఒకే తీరుగా లేదని, మొత్తం ఎంచుకుని రోజు-నెల-సంవత్సరం పద్ధతిలోకి మార్చి సేవ్ చేశాను. తేదీలన్నీ ముచ్చటగా ఒకే రూపంలోకి వచ్చాయి. పన్నెండో తేదీ వరకు ఉన్న బిల్లులు, రెండు అంకెలూ నాలుగే అయిన ఏప్రిల్ నాలుగుది తప్ప, ఇతర నెలలకు చెదిరిపోయాయి.

హెచ్చరిక రాకపోలేదు. మొదటి మూడు తేదీల బిల్లులు జనవరి, ఫిబ్రవరి, మార్చిలకు వెళ్లాయి. ఖాతాలు ఏప్రిల్ ఒకటిన మొదలయ్యాయి కాబట్టి ట్యాలీ వాటిని తీసుకోలేదు.

"బాబాయ్, కొన్ని ఎర్రర్ చూపిస్తోంది. డేట్ బాలేదంట," అంది ఆ అమ్మాయి.

"ఆ కాసినీ చేత్తో కొట్టేయమ్మా," అన్నాను. తల కూడా తిప్పలేదు.

మధ్యాహ్నం ఆ బిల్లుల యజమాని వచ్చాడు. స్టీలు ప్లాంటుకు ఇనుప ఫ్యాబ్రికేషన్ పనులు చేసే మనిషి, శ్రీకాకుళం వైపు వాడు. బ్యాంకులో ఇవ్వాల్సిన కొనుగోళ్ల స్టేట్‌మెంటు అందుకుని చదివాడు. మే నెల సగమే అయింది.

"ఏటండీ ఇది? డిసెంబర్లో కొనబోయే ఇనుముకి ఇప్పుడే బిల్లు రాసేసారా? మీ ఆఫీసులో జాతకాలు కూడా చెప్తారేటి?"

మా కన్సల్టెంట్ సార్ నవ్వబోయి ఆగిపోయారు. "బ్యాంకోడు నన్ను దొంగనుకుంటాడు. నా కాగితాలు నాకిచ్చేయండి," అన్నాడు ఆ ఫ్యాబ్రికేషన్ ఆయన.

సార్ మా వైపు తిరిగారు. "ఎవరి లాగిన్?"

"నాదే సార్," అంది ఆ అమ్మాయి.

"కళ్లు ఎక్కడ పెట్టుకుని కొట్టావు? రేపట్నుంచి రావక్కర్లేదు."

ఆమె నా వైపు చూసింది. అప్పటికే నాకు అర్థమైంది. డిసెంబరు అన్న మాట వినగానే అర్థమైంది. ఈ వయసులో నన్ను ఎవరు పనిలో పెట్టుకుంటారన్న ఒక్క ఆలోచనతో నోరు మెదపలేదు. స్క్రీన్ మీద చూపు నిలిపి కూర్చున్నాను. ఆమె టిఫిన్ డబ్బా సంచీలో పెట్టుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం నాలుగింటికి ఇక కూర్చోలేక భిలాయి-3 వెళ్లాను. తలుపు ఆమే తీసింది. లోపల తల్లి కాయగూరలు తరుగుతోంది. కూతురి ఉద్యోగం పోయిందని ఇంకా తెలియదు. "రండి బాబూ, టీ తాగండి," అంది.

గుమ్మంలోనే నిలబడి చెప్పాను. ఫైలు తెరిచింది నేను, తేదీలు మార్చింది నేను, ఎర్రర్ చెప్తే వినిపించుకోనిది నేను.

ఆ అమ్మాయి అంతా విని, "సార్‌తో చెప్పేరా?" అంది.

"ఇంకా లేదు."

"మరి నాకెందుకు చెప్తన్నారు బాబాయ్? నా తప్పు కాదని నాకు తెల్దా?"

అక్కడే ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి సార్‌కు చెప్పాను. మధ్యాహ్నం తెలిసీ ఊరుకున్నానని కూడా చెప్పాను. ఆయన, "అమ్మాయిని రేపు రమ్మను. నీ సంగతి రేపు చూద్దాం," అని పెట్టేశారు.

ఆమె థాంక్స్ చెప్పలేదు. వస్తాననీ చెప్పలేదు. తల్లి కత్తిపీట దగ్గరే ఉండిపోయింది. టీ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆఫీసుకు తిరిగి వచ్చాను. ఉదయం ఎక్కించకముందు తీసిన బ్యాకప్‌ను ట్యాలీలో రీస్టోర్ చేశాను. దాంతో ఆమె చేత్తో కొట్టినవీ పోయాయి, ఇక ఏదీ రెండుసార్లు పడదు. సాఫ్ట్‌వేర్ నుంచి ఫైలు మళ్లీ తీశాను. ఈసారి ఎక్సెల్‌లో తెరవలేదు. నా లాగిన్‌తో ఎక్కించి, ప్రతి వోచర్ తేదీనీ స్కాన్‌తో పోల్చుకున్నాను. స్టేట్‌మెంటు తీసుకుని ఆ ఫ్యాబ్రికేషన్ ఆయన షెడ్డుకు వెళ్లి, తప్పు నాదని, ఆ అమ్మాయిది కాదని, వెల్డింగ్ ఆపి చూస్తున్న పనివాళ్ల ముందే చెప్పాను.