సంతలో వేసిన టముకు

చట్టంలో 'చేయవలెను' అన్న మాట కనబడితే నాకు మొదట అనుమానమే పుడుతుంది. రైతు తప్పితే అది ఆజ్ఞ, అధికారి తప్పితే ఉత్త సలహా!

నేను వకీలుగా ఉన్న రోజులవి. ఒక ముసలి కొండరైతు సామలు, చోళ్లు పండించే పోడు కొండను రిజర్వు అడవిలో కలపబోతున్నారు. హక్కున్నవాళ్లు గడువులోగా చెప్పుకోవాలని ప్రకటన వచ్చింది. ముసలాయన గడువు దాటాక వచ్చాడు. ఆయన తరఫున అరకు బంగ్లాలో, హక్కులు తేల్చే సెటిల్మెంటు అధికారి ముందు నిలబడి రెండు లోపాలు చూపించాను. అధికారి తన నివేదిక నకలు పైఆఫీసుకు వేళకు పంపలేదు. ప్రకటన ముసలాయన ఊళ్లో చాటించలేదు. చట్టం రెంటినీ 'చేయవలెను' అనే అంది.

"నకలు ఆలస్యమైతే ఈయనకేం నష్టం? పైవాళ్లు నన్ను మందలిస్తారు, అంతే. పని చెల్లకుండా పోదు," అన్నాడు అధికారి.

తప్పించుకునే ఎత్తేమోనని తిప్పి తిప్పి చూసి, ఆ మాట సబబేనని ఒప్పుకుని రెండో లోపానికి వచ్చాను.

"మరి చాటింపో?"

"జరిగింది. బారిక వేలిముద్ర ఉంది."

వేలిముద్రను నేను నమ్మలేదు. టముకు వేసే ఆ బారికనే పిలిపించమన్నాను.

"సంతలో ఏసాను బావూ," అన్నాడతను. "అన్నూళ్లోళ్లూ సంతకే వత్తారు గదా! ఊరూరికీ కొండెక్కి దిగడం నాకేటి సరదాయా?"

అధికారి ముఖం వికసించింది. "ప్రతి ఊళ్లో కాకపోయినా అందరికీ తెలిసినట్టేగా!"

ముసలాయన బారిక వైపు తిరిగాడు. "ఏ సంతరా?"

"ఇటుకల పండగప్పుడు."

"ఓరి బుర్రలేనోడా! మా మగోళ్లమంతా ఏటకెళ్లాం. ఆడోళ్లు పండగ డబ్బులకి దారికి అడ్డంకట్టి కూకున్నారు. పండగెల్లేదాకా మాకు సంతేటి? ఎవులికేసావురా టముకు, కోళ్లకా?"

బారిక నేల చూశాడు. నేను అందుకున్నాను: "హక్కు పోయేముందు మనిషికి మాట్లాడే వీలుండాలనే ఈ నియమం. ఆ వీలే లేనప్పుడు ఈ ఊరికి గడువు మొదలే కాలేదు."

అధికారి కలం అందుకున్నాడు. ఇలా రాశాడు: నకలు ఆలస్యం వల్ల పని చెడదు, ఆ ఊరి మటుకు ప్రకటన చెల్లదు, ఊళ్లోనే మళ్లీ చాటించి, అప్పటినుంచి గడువిచ్చి, ముసలాయన మాట వినాలి.

బయటికి రాగానే ముసలాయన అడిగాడు: "అయితే కొండ మాదేనా బావూ?"

"ఇంకా కాదు. మీ మాట వినకుండా తీసుకోకూడదు. విన్నాక తీసుకున్నా తీసుకోవచ్చు."

ఇందాక నేను అధికారిని అనుమానంగా చూసినట్టే ఆయన నన్ను చూశాడు.

"ఈపాటి దానికేనా ఇంత దూరం నడిపించావు?"

ఆయన మా వెనకే వచ్చిన బారిక భుజం తట్టాడు. "బేగి నడు. మా ఊరి నడుమ టముకు మోగేదాకా నీ ఎనకాలే ఉంతాను."

ఇద్దరూ కొండదారి పట్టారు. ముందు బారిక, వెనక ముసలాయన.