బాబాయి సంతకం లేకపోతే మీటింగే లేదు

మా పిన్ని మిషను కుట్టి బతికే మనిషి. కుట్టు వంకర పోతే విప్పి మళ్ళీ కుడుతుందే తప్ప, "ఎవరు చూడొచ్చార్లే" అన్న మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. కాపురం నాలుగో అంతస్తులో; నేనూ వాళ్ళింట్లోనే ఉంటాను. లిఫ్టు ఎప్పుడో చచ్చింది. తుంటి ఆపరేషనయ్యాక మోసుకొచ్చి పైన దింపిన బాబాయి మళ్ళీ వీధి మొహం చూడలేదు.

లిఫ్టు మార్చాలని పోయినేడాది తీర్మానం చేశారు. మీటింగుకి రానివాళ్ళ ఇళ్ళకి హాజరు పుస్తకం తిప్పి సంతకాలు పెట్టించారని ఎవరో ఫిర్యాదు చేస్తే, సొసైటీల ఆఫీసువాళ్ళు ఆ తీర్మానాన్ని కొట్టేశారు. ఈసారి పిన్ని గుమ్మం గుమ్మం తిరిగి, సభ్యుల చేత అర్జీ పెట్టించి మీటింగు పిలిపించింది. ఇలా సభ్యులు కోరి పిలిపించిన మీటింగుకి మా నియమాల్లో ఒక మెలిక ఉంది. అరగంటలోగా కోరం రాకపోతే వాయిదా పడదు, రద్దయిపోతుంది. మళ్ళీ అర్జీ, మళ్ళీ గుమ్మాలు.

నలభై ఐదు ఫ్లాట్లు. మూడో వంతు, అంటే పదిహేనుమంది సభ్యులు స్వయంగా రావాలి. పార్కింగులో వేసిన బల్ల మీద హాజరు పుస్తకంలో పదిహేడు సంతకాలు పడ్డాయి.

"ఇంకేం, మొదలెడదామమ్మా!" అన్నాడు అధ్యక్షుడు. మొదటి అంతస్తాయనకి లిఫ్టుతో పనేముంది? ఆ గొంతులో కారుతున్న తేనె నాకు నచ్చలేదు.

పిన్నికీ నచ్చలేదు. పుస్తకం తన వైపు లాక్కుంది.

"రెండో అంతస్తు అబ్బాయి అద్దెకుంటున్నాడు. ఈయనేమో వాళ్ళ బావగారి బదులు ఉత్తరం పట్టుకొచ్చారు. బదులు మనిషి కోరం లెక్కకి రాడు."

పేర్లు కనబడేలా గీతలు కొట్టి, పక్కన కారణం రాసి, అధ్యక్షుడి చేత పొట్టి సంతకాలు పెట్టించింది. పదిహేను మిగిలాయి. హమ్మయ్య అనుకున్నాను.

పెన్ను ఆగలేదు. తన పేరు మీద కూడా గీత కొట్టుకుంది.

"పిన్నీ! మతి పోయిందా?"

"ఫ్లాటు మీ బాబాయి పేరున ఉందిరా. అలవాటుకొద్దీ సంతకం పెట్టేశాను గానీ, నేను సభ్యురాల్ని కాను. ఇప్పుడు నేను కొట్టకపోతే, రేపు ఫిర్యాదులో ఇంకొకరు కొడతారు."

అధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు. "పావుగంటే ఉందమ్మా. మరి ఆయన్నెలా దింపుతావు?"

"మనుషుల్తో."

నేనూ, అద్దె కుర్రాడూ, బావగారి ఉత్తరమాయనా పైకి పరిగెత్తాం. లెక్కకి రాని ముగ్గురం కలిసి లెక్కకొచ్చే మనిషిని కుర్చీతో సహా ఎత్తాం.

"ఒరేయ్, నేను బీరువాననుకున్నావా? మెల్లిగా!" మలుపు మలుపుకీ బాబాయి తిట్లు.

గడువు లోపలే కిందకి చేరాం. బాబాయి ఫ్లాటు నంబరు, పేరు, వచ్చిన టైము రాసి సంతకం పెట్టాడు. "హాజరైన సభ్యులు పదిహేనుమంది, కోరం ఉంది" అని అధ్యక్షుడు చదివాడు. అది మినిట్సులో పడేదాకా పిన్ని ఆయన పక్కనుంచి కదల్లేదు.

లిఫ్టుకి పదకొండు చేతులు లేచాయి. ఓటు లేని పిన్ని చేతులు ముడుచుకుని నిలబడింది.

బాబాయి మాత్రం చెయ్యి దించలేదు. "ఇంకో సంగతి. ఇప్పుడు నన్ను పైకెవరు మోస్తారు?"

అందరూ అధ్యక్షుడి వైపు చూశారు. ఆయన చొక్కా చేతులు మడుచుకున్నాడు.