నెలకొక్క రోజు మిషను

బస్టాండు దగ్గర అద్దె గదిలో పార్లరు పెట్టి, ఇటు ఆత్మకూరు, అటు ఉదయగిరి దాకా పెళ్లికూతుళ్లను ముస్తాబు చేసిన మనిషి మన సుగుణమ్మ. చదివింది పదో తరగతి. పదిహేనేళ్లలో సొంత గది కోసం ఆరు లక్షలు కూడబెట్టింది.

ఆ డబ్బు మీదే కన్నేశాడు కోటిలింగం. అతను నెల్లూరు నుంచి వచ్చి, వెంట్రుకలు తీసే లేజర్ మిషన్లు అమ్ముతాడు.

"ఆరు లక్షలే మేడం! సిట్టింగుకు పదిహేను వందలు. రోజుకు ఐదుగురొస్తే ఎనభై రోజుల్లో మీ డబ్బు మీకొచ్చేస్తాది."

"ఆ ఐదుగురు యాడుండారో చూసి చెప్తాలే," అంది సుగుణమ్మ.

గడ్డానికి థ్రెడింగ్ చేయించుకునే ఆడవాళ్లను, లేజర్ చేయించుకుంటారా అని వారమంతా అడిగింది. నలభై మంది సరేనన్నారు. ఐదు వందలు అడ్వాన్సు అడిగితే పన్నెండు మందే ఇచ్చారు.

కోటిలింగం మళ్లీ వచ్చేసరికి సుగుణమ్మ లెక్క తీసింది.

"సిట్టింగులకు నెల ఎడముండాల గదా. ఖర్చులు పోను మనిషికి పన్నెండు వందల యాభై. పన్నెండు మందికి నెలకు పదిహేను వేలు. నీ ఆరు లక్షలు రావాలంటే నలభై నెలలు! గ్యారంటీ ఎన్నాళ్లబ్బా?"

"ఏడాది," అన్నాడతను మెల్లగా.

"ఎనిమిది సిట్టింగులకే వీళ్ల పని అయిపోతాది. ఒక్క దినం పనికి నెలంతా మిషనుకు కాపలా ఉండాల్నా? అందర్నీ ఒకే దినం పిలుస్తా. ఆ దినానికి నీ మిషను అద్దెకు తే."

అతను తల గోక్కుని ఎనిమిది వేలకు ఒప్పుకున్నాడు. మొదటి రోజే అన్నీ పోను ఏడు వేలు మిగిలాయి. సుగుణమ్మ మర్నాడే సొంత గదికి బయానా ఇచ్చింది.

"మరి మిషను ఎప్పుడు కొంటారు మేడం?"

"నెలకు నలభై మంది వచ్చిననాడు. అప్పుడు ఏడాదిలోనే దాని డబ్బు అది తెస్తాది."

ఇప్పుడు కోటిలింగం మిషను దించుతూనే, "ఈ తూరి ఎంతమంది మేడం?" అని ఆశగా అడుగుతాడు.